ఊరి పేరు వెతికే గడి వెనక: ట్రై ఎంత మెమరీ తింటుంది?

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కల లోడు ఏ ఊరికి వెళ్లాలో రాసుకునే ఫారం ఒకటి ఉందనుకుందాం. అందులో ‘ఊరు’ అనే గడిలో ఎవరైనా ‘ప’ అని కొడతారు. కింద పాలకొల్లు, పెనుగొండ, పోడూరు లాంటి పేర్లు వరసగా దిగాలి. ‘పెను’ వరకు కొట్టేసరికి పెనుగొండ, పెనుమంట్ర మాత్రమే మిగలాలి. ఇది రోజూ చూసే సంగతే కాబట్టి దీని వెనక ఏముందో ఎవరూ పట్టించుకోరు. ప్రోగ్రాం రాసేవాళ్లు మాత్రం ఈ పని చేతికి రాగానే ‘దీనికి ట్రై వాడాలి’ అంటారు. ట్రై అంటే పేర్లను అక్షరం తర్వాత అక్షరంగా కొమ్మల్లో పేర్చే చెట్టు. పాఠ్య పుస్తకాలు చెప్పేదీ అదే. ట్రైలో మొదటి అక్షరాలు ఒక్కసారే నిల్వ అవుతాయి కాబట్టి మెమరీ కూడా కలిసొస్తుందని దానికి ఒక మాట జోడిస్తారు. ఆ రెండో మాటను లెక్క వేసి చూడాలి. చాలాసార్లు అది తప్పుతుంది, అదీ కొద్దిపాటి తేడాతో కాదు.

ముందు పేర్లు దాచుకునే మామూలు పద్ధతి, హ్యాష్ సెట్ సంగతి. ‘పెనుగొండ’ అనే పేరు జాబితాలో ఉందా లేదా అని అడిగితే దాన్ని మించింది లేదు. పేరు మొత్తం నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి, ఆ సంఖ్య చూపించే అరలోకి నేరుగా వెళ్లి చూస్తుంది. కానీ ‘పెను’తో మొదలయ్యేవి ఏవి అని అడిగితే దానికి దారి తెలియదు. ‘పెను’కు వచ్చే సంఖ్యకూ ‘పెనుగొండ’కు వచ్చే సంఖ్యకూ ఏ చుట్టరికమూ ఉండదు. మంచి హ్యాష్ ఫంక్షన్ పనే దగ్గరి పేర్లను దూరంగా చెదరగొట్టడం. కాబట్టి సెట్‌లో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా తీసి చూడడం తప్ప మార్గం లేదు.

ట్రై ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. అందులో పేరు ఒక చోట ఉండదు, ఒక దారిగా ఉంటుంది. మొదలు దగ్గర నుంచి ‘ప’ అనే కొమ్మలోకి, అక్కడ నుంచి ఎత్వం కొమ్మలోకి, తర్వాత ‘న’, ఆ పైన కొమ్ము. అక్కడికి చేరితే ‘పెను’ దగ్గర నిలబడ్డట్టు. అక్కడ నుంచి కిందికి ఉన్నవన్నీ ‘పెను’తో మొదలయ్యే పేర్లే. జాబితాలో వంద పేర్లున్నా లక్ష ఉన్నా ఆ చోటికి చేరడానికి నాలుగు అడుగులే. దీన్ని 1959లో రెనే డి లా బ్రియాండే ప్రతిపాదించారు, మరుసటి ఏడాది ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ ట్రై అని పేరు పెట్టారు. మెమరీ బెంగ అప్పటి నుంచే ఉంది. బ్రియాండే తన పద్ధతిలో ఒక్కో నోడ్‌లో, అంటే దారిలోని ఒక్కో మజిలీలో, అన్ని అక్షరాలకూ చోటు కేటాయించకుండా, ఉన్న కొమ్మలను మాత్రమే గొలుసుగా కట్టారు.

ఏడు పేర్లు, నలభై ఒక్క నోడ్లు

గోదావరికి పడమటి వైపు డెల్టాలో ‘ప’ గుణింతంతో మొదలయ్యే ఏడు మండల కేంద్రాలు తీసుకుందాం: పాలకొల్లు, పాలకోడేరు, పెంటపాడు, పెనుగొండ, పెనుమంట్ర, పెరవలి, పోడూరు. కంప్యూటర్‌కు ‘పె’ ఒక అక్షరం కాదు, రెండు. ‘ప’ ఒకటి, ఎత్వం ఒకటి. సున్న, పొల్లు, గుడి, దీర్ఘం అన్నీ వేర్వేరు గుర్తులే, ఒక్కోదానికి యూనికోడ్‌లో ఒక్కో నంబరు ఉంటుంది. ఇక్కడి నుంచి ‘గుర్తు’ అంటే అదే. ఆ లెక్కన పెనుగొండకు 8, పెనుమంట్రకు 9, పెరవలికి 6, పెంటపాడుకు 8, పాలకొల్లు, పాలకోడేరులకు తొమ్మిదేసి, పోడూరుకు 6. మొత్తం 55 గుర్తులు.

వీటిని ట్రైలో పెడితే ఎన్ని నోడ్లవుతాయి? ‘ప’ ఏడింటికీ ఒక్కటే, కాబట్టి ఆరు మిగిలాయి. ఎత్వం నాలుగింటికి ఒక్కటే, మూడు మిగిలాయి. పెనుగొండ, పెనుమంట్రలు ‘ను’ను పంచుకుంటాయి, రెండు మిగిలాయి. పాలకొల్లు, పాలకోడేరులు దీర్ఘాన్నీ ‘ల’నూ ‘క’నూ పంచుకుంటాయి, మరో మూడు. మొత్తం 14 కలిసొచ్చాయి. 55లోంచి 14 తీసేస్తే 41 నోడ్లు, పైన వేరు నోడ్ ఒకటి కలిపితే 42.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నోడ్ల సంఖ్య అంటే జాబితాలో ఉన్న వేర్వేరు ప్రిఫిక్సుల సంఖ్యే. ‘ప’, ‘పె’, ‘పెన’, ‘పెను’... ఇలా ప్రతి ప్రిఫిక్సుకూ ఒక నోడ్. పేర్లు మొదట్లో కలిసి నడిచి, ఎక్కడో విడిపోయాక ఇక చివరిదాకా ఒంటరిగానే వెళ్తాయి. పెంటపాడు సున్న దగ్గర విడిపోయింది. ఆ సున్నతో కలిపి ఆరు నోడ్లు దాని ఒక్కదాని కోసమే. ఈ ఒంటరి తోకలే ట్రైలో ఎక్కువ భాగం. 41 నోడ్లలో రెండు లేక అంతకంటే ఎక్కువ పేర్లకు పనికొచ్చేవి ఏడే. మిగతా 34 నోడ్లూ ఒక్కో పేరుకే అంకితం.

అక్షరాల లెక్కలో చూస్తే 55 కాస్తా 41కి తగ్గింది, బాగానే ఉంది. కానీ నోడ్ అంటే అక్షరం ఒక్కటే కాదు. ఆ నోడ్ నుంచి ఎటు వెళ్లాలో చెప్పే పాయింటర్లు కూడా. ఖర్చంతా అక్కడే.

అందరికీ ముందుగా తట్టే పద్ధతి ఒక్కో నోడ్‌లో ఒక అరే, అంటే గళ్ల వరస, పెట్టడం. ఇంగ్లిష్‌కు 26 గళ్లు సరిపోతాయి. తెలుగుకు యూనికోడ్‌లో U+0C00 నుంచి U+0C7F వరకు 128 స్థానాలు ఉన్నాయి, కాబట్టి 128 గళ్లు. 64 బిట్ల మెషీన్‌లో ఒక పాయింటర్‌కు 8 బైట్లు. అంటే ఒక్కో నోడ్‌కు 1024 బైట్లు. మన 42 నోడ్లకు 43,008 బైట్లు. ఆ ఏడు పేర్లను మామూలుగా యూటీఎఫ్-8 ఫైల్‌లో రాసిపెడితే, ఒక్కో గుర్తుకు 3 బైట్ల చొప్పున 165 బైట్లు. 165 బైట్ల సరుకుకు 42 కిలోబైట్ల గోడౌన్! అందులో ఉన్న 5,376 గళ్లలో నిండినవి 41. ఒక కాలవ పొడవునా అడుగడుగునా 128 తూములు కట్టి, ప్రతిచోటా ఒక్క తూమే తెరిచి ఉంచినట్టు.

పైథాన్‌లో అదే లెక్క

చాలామంది అరే జోలికి వెళ్లకుండా డిక్షనరీ వాడతారు. ఉన్న కొమ్మలకే చోటు పోతుంది కదా అని. రాయడం కూడా తేలిక:

```python
def add(root, word):
    node = root
    for ch in word:
        node = node.setdefault(ch, {})
    node["$"] = True
```

64 బిట్ల పైథాన్ 3.10లో ఖాళీ డిక్షనరీ 64 బైట్లు. ఒక్క ఎంట్రీ పడగానే అది 232 అవుతుంది, అయిదు ఎంట్రీల దాకా అంతే ఉంటుంది. మన ట్రైలో ఏ నోడ్‌కూ మూడుకు మించి కొమ్మలు లేవు. చివరి నోడ్లలో పేరు పూర్తయిందని చెప్పే `$` ఎంట్రీ ఉంటుంది కాబట్టి అవీ ఖాళీ కాదు. 42 × 232 = 9,744 బైట్లు.

ఇది ఇంతటితో అయిపోదు. తెలుగు లాంటి లిపులకు మాత్రమే పడే పన్ను ఒకటి ఇందులో దాగి ఉంది. పైథాన్‌లో `for ch in word` అని ఒక్కో అక్షరం తీసినప్పుడు, అది ఇంగ్లిష్ అక్షరమైతే ముందే తయారుచేసి పెట్టుకున్న వస్తువునే మళ్లీ మళ్లీ ఇస్తుంది. ఈ సదుపాయం 256 లోపు నంబరున్న అక్షరాలకే. తెలుగు గుర్తు అడిగిన ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారవుతుంది. ఒక్కో గుర్తున్న ఆ స్ట్రింగ్ పైథాన్ 3.10లో 76 బైట్లు, అందులో అక్షరం 2 బైట్లే, మిగతా 74 హెడరు. ట్రైలో 41 కొమ్మలుంటే 41 వేర్వేరు స్ట్రింగులు డిక్షనరీల్లో కీలుగా ఉండిపోతాయి. ‘ర’ నాలుగు చోట్ల వస్తే నాలుగు ‘ర’లు. అదనంగా 3,116 బైట్లు. మొత్తం 12,860.

దీనికి విరుగుడు చిన్నదే. `ch` బదులు `sys.intern(ch)` అని రాస్తే ఒక్కో గుర్తుకు ఒకే స్ట్రింగ్ మిగులుతుంది. మన ఏడు పేర్లలో వేర్వేరు గుర్తులు 20, కాబట్టి 3,116 కాస్తా 1,520 అవుతుంది. పేర్లు పెరిగేకొద్దీ ఈ లాభం పెరుగుతుంది, ఎందుకంటే నోడ్లు వేలల్లోకి వెళ్లినా గుర్తులు డెబ్బయ్యో ఎనభయ్యో దాటవు.

ఇప్పుడు హ్యాష్ సెట్. ఏడు పేర్లున్న సెట్ 728 బైట్లు. ఏడు స్ట్రింగులకు హెడర్లు 518, గుర్తులకు రెండేసి బైట్ల చొప్పున 110. అంతా కలిపి 1,356 బైట్లు. ట్రైతో పోలిస్తే తొమ్మిదో వంతు కంటే కొంచెం తక్కువ.

పేర్లు పెరిగితే ట్రై నెగ్గుతుందేమో అన్న ఆశ కూడా ఇక్కడ నిలవదు. సెట్‌లో ఒక కొత్త పేరు చేరితే అయ్యే ఖర్చు స్ట్రింగుకు తొంభై బైట్ల చిల్లర, అరలో చోటుకు ఇంకొంత, వెరసి రెండు వందల లోపే. ట్రైలో ఒక్క కొత్త నోడే 232. అంటే కొత్త పేరు వచ్చినప్పుడల్లా సగటున ఒక నోడ్ కంటే తక్కువ పుడితేనే ట్రైకి లాభం. అలా జరగదు. మన జాబితాలో ఒక్కో పేరుకు దాదాపు ఆరు నోడ్లు పుట్టాయి. డిక్షనరీలతో కట్టిన ట్రై పైథాన్‌లో మెమరీ మీద సెట్‌ను ఓడించే సందర్భం మామూలు పేర్ల జాబితాల్లో రాదనే అనుకోవచ్చు. పైథాన్ కొత్త వెర్షన్లలో డిక్షనరీ కాస్త చిక్కింది, స్ట్రింగ్ హెడరూ తగ్గింది. అంకెలు మారతాయి కానీ ఫలితం మారదు.

ఇదంతా కొలిచేటప్పుడు చాలామంది ఒకచోట బోల్తా పడతారు. `sys.getsizeof(root)` అని అడిగితే 232 అని వస్తుంది. అది వేరు నోడ్ ఒక్కదాని బరువు. కింద వేల నోడ్లు వేలాడుతున్నా ఆ సంఖ్య మారదు. సెట్‌ను అలా అడిగినా అంతే, లోపలి స్ట్రింగుల బరువు కలవదు. అసలు ఖర్చు తెలియాలంటే `tracemalloc` మొదలుపెట్టి, ట్రై కట్టకముందూ కట్టాకా ఎంతుందో చూసి తేడా తీయాలి.

తోకలను కుదిస్తే

అయితే తప్పు ట్రైదా, దాన్ని కట్టిన తీరుదా? సీ భాషలో పొదుపుగా కట్టి చూద్దాం. ఇక్కడ తెలుగుకు ఒక చక్కటి వెసులుబాటు ఉంది. తెలుగు విభాగంలో 128 స్థానాలే కాబట్టి 0C00 తీసేస్తే ప్రతి గుర్తూ 7 బిట్లలో ఇమిడిపోతుంది. బైట్‌లో మిగిలిన ఎనిమిదో బిట్‌ను ‘ఇక్కడ పేరు పూర్తయింది’ అనే జెండాగా వాడుకోవచ్చు. పాయింటర్ల బదులు 16 బిట్ల సూచికలు రెండు పెడదాం, ఒకటి మొదటి పిల్లకు, ఇంకొకటి పక్క తోబుట్టువుకు. బ్రియాండే గొలుసు ఇదే. సర్దుబాటుకు ఖాళీగా వదిలే బైట్‌తో కలిపి ఒక్కో నోడ్‌కు 6 బైట్లు. 42 నోడ్లకు 252 బైట్లు.

43 వేల నుంచి 252కి దిగింది. కానీ ధర్మంగా పోల్చాలంటే హ్యాష్ సెట్‌నూ అంతే పొదుపుగా కట్టాలి. ఒక్కో గుర్తుకు ఒక బైట్ చొప్పున 55, ఒక్కో పేరు చివర ముగింపు బైట్‌తో 62. పదహారు అరల పట్టిక, అరకు 2 బైట్లు, అంటే 32. మొత్తం 94. ఇంకా సెట్‌దే పైచేయి. కారణం సులువు. సెట్‌లో ఒక గుర్తుకు ఒక బైట్, ట్రైలో ఒక నోడ్‌కు ఆరు. నోడ్లు గుర్తుల్లో నాలుగో వంతుకో అయిదో వంతుకో పడిపోతే తప్ప ఈ తేడా పూడదు. మన దగ్గర 55కి 41, అంటే నాలుగింట మూడు వంతులు.

అందుకే నిజంగా వాడే చోట మామూలు ట్రై కనిపించదు, కుదించిన ట్రై కనిపిస్తుంది. దాన్ని రాడిక్స్ ట్రీ అంటారు. డొనాల్డ్ మోరిసన్ 1968లో చెప్పిన ప్యాట్రీషియా పద్ధతి ఈ కుటుంబంలోదే. ఒక నోడ్‌కు ఒకే కొమ్మ ఉంటే ఆ రెంటినీ కలిపేయడమే ఇందులో కిటుకు. పెంటపాడు తోకలోని ఆరు నోడ్లూ ఒక్కటవుతాయి, దాని మీద ఆరు గుర్తుల చీటీ ఉంటుంది. ‘ను’ ఒక నోడ్, దాని కింద ‘గొండ’, ‘మంట్ర’ ఒక్కో నోడ్. పాలకొల్లు, పాలకోడేరులు దీర్ఘం, ‘ల’, ‘క’ దాకా ఒకే నోడ్‌లో వచ్చి, ఒత్వం, ఓత్వాల దగ్గర విడిపోతాయి. ఇలా కుదిస్తే 41 నోడ్లు 11 అవుతాయి. పేర్లు ఎంత పొడుగున్నా సరే, ఏ పేరూ ఇంకొక పేరుకు ప్రిఫిక్స్ కానంతవరకు విడిపోయే చోట్లు పేర్ల సంఖ్య కంటే ఎప్పుడూ తక్కువే. కాబట్టి రాడిక్స్ ట్రీ నోడ్లు పేర్లకు రెట్టింపు దాటవు. మామూలు ట్రైకి ఈ హామీ లేదు.

ఒక్కో నోడ్‌లో చీటీ ఎక్కడుందో, ఎంత పొడుగో, జెండా, రెండు సూచికలు, వెరసి 8 బైట్లు. వేరుతో కలిపి 12 నోడ్లకు 96, చీటీల్లోని 41 గుర్తులకు 41, మొత్తం 137 బైట్లు. సెట్ కంటే ఎక్కువే, కానీ ఇప్పుడు రెండూ ఒకే వీధిలో ఉన్నాయి. పైగా సెట్ చేయలేని పని ఇది చేస్తుంది.

ఇంకా కుదించాలనుకుంటే తోకలు కూడా పంచుకోవచ్చు. డెల్టా ఊళ్ల పేర్లకు ఇది బాగా నప్పుతుంది. పురం, వరం, పాలెం, పల్లి, లంక, పేట అనే చివర్లు ఎన్ని ఊళ్లకున్నాయో చెప్పనక్కర్లేదు. అమలాపురం, నరసాపురం రెంటికీ చివరి అయిదు గుర్తులూ ఒక్కటే, దీర్ఘంతో మొదలై సున్నతో ముగుస్తాయి. మామూలు ట్రైలో ఈ రెంటికీ వేరుతో కలిపి 17 నోడ్లు. తోక కలిపేస్తే 11. ఈ నిర్మాణాన్ని డాగ్ అంటారు. దీనికి ఒక ఇబ్బంది ఉంది. తోక ఇద్దరిదీ అయ్యాక, చివరి నోడ్‌లో ‘ఇది అమలాపురం, పిన్ కోడ్ ఇది, ఇక్కడికి ఇన్ని లోడ్లు వెళ్లాయి’ అని రాసుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ నోడ్ నరసాపురానిది కూడా. దారి పొడవునా విలువలను కూడుకుంటూ వెళ్లి చివరికి ఏ పేరో తేల్చుకోవాలి. లూసీన్ సెర్చ్ లైబ్రరీ వాడే ఎఫ్‌ఎస్‌టీలు ఈ పనే చేస్తాయి, విలువను ముక్కలుగా దారుల మీద పంచి పెడతాయి. సొంతంగా రాసుకోవడం మాత్రం మామూలు టెన్షన్ కాదు. కొత్త పేరు మధ్యలో చేర్చడం కూడా కష్టం. జాబితాను అక్షర క్రమంలో పెట్టి మొదటి నుంచి కట్టుకోవడమే మేలు.

అన్నిటికంటే చిన్నది

ఈ లెక్కలన్నిటిలో ఇంతవరకు రాని పోటీదారు ఒకరున్నారు. పేర్లను క్రమంలో పెట్టిన మామూలు జాబితా. ఒకే ప్రిఫిక్స్ ఉన్న పేర్లన్నీ అందులో పక్కపక్కనే ఉంటాయి, కాబట్టి మొదలూ చివరా బైనరీ సెర్చ్‌తో పట్టుకుంటే చాలు.

```python
from bisect import bisect_left

def starts_with(names, p):
    i = bisect_left(names, p)
    j = bisect_left(names, p + "\U0010FFFF")
    return names[i:j]
```

మన ఏడు పేర్లు కంప్యూటర్ క్రమంలో ఇలా వస్తాయి: పాలకొల్లు, పాలకోడేరు, పెంటపాడు, పెనుగొండ, పెనుమంట్ర, పెరవలి, పోడూరు. ‘పెను’ అని అడిగితే `i` 3, `j` 5 వస్తాయి. మధ్యలో ఉన్న రెండు పేర్లే జవాబు. యూనికోడ్ నంబర్ల క్రమం నిఘంటువు క్రమంతో అన్నిచోట్లా కలవదు. సున్న నంబరు ‘అ’ కంటే ముందుంటుంది, అందుకే పెంటపాడు పెనుగొండకు ముందొచ్చింది. వెతకడానికి దానివల్ల ఏ నష్టమూ లేదు. ఒకే ప్రిఫిక్సువి పక్కపక్కన ఉంటే చాలు.

పైథాన్‌లో ఇది దాదాపు 740 బైట్లు, సెట్‌లో సగానికి కాస్త ఎక్కువ. సీలో 62 బైట్ల పేర్లకు 14 బైట్ల సూచికలు, మొత్తం 76, అన్నిటికంటే తక్కువ. వెయ్యి ఊళ్లున్నా ఒక్కో కొసకు పది పోలికలతో పని అయిపోతుంది. మొక్కల లోడు ఫారంలో ఊరి గడికి ఇంతకు మించి కావాలని ఎవరైనా వాదిస్తే, ఎందుకో చెప్పమని అడగాల్సిందే.

చెప్పగలిగే కారణం ఒకటుంది. ‘రా’ అని కొట్టగానే రాజోలు, రాజమహేంద్రవరం, రాజానగరం, రామచంద్రపురం, రావులపాలెం ఇంకా ఎన్నో వస్తాయి. గడి కింద చోటు అయిదు పేర్లకే. ఎక్కువ లోడ్లు వెళ్లే అయిదు ఊళ్లు ముందు రావాలి. క్రమంలో పెట్టిన జాబితాలో అయితే ‘రా’తో మొదలయ్యేవన్నీ చూసి పెద్దవి ఏరాలి. వందల పేర్లకు ఫర్వాలేదు, లక్షలకు చేరితే నొప్పి మొదలవుతుంది. పైగా తక్కువ అక్షరాలు కొట్టినప్పుడే ఎక్కువ పేర్లు చూడాల్సి వస్తుంది, వాడేవాళ్లు తొందరగా జవాబు ఆశించేదీ అప్పుడే. ట్రైలో ఒక్కో నోడ్ దగ్గర ‘నా కింద ఉన్న పేర్లలో అన్నిటికంటే ఎక్కువ లోడ్లు ఎన్ని’ అనే సంఖ్య ఒకటి రాసిపెట్టుకోవచ్చు. అప్పుడు ‘రా’ దగ్గర నుంచి పెద్ద సంఖ్య ఉన్న కొమ్మనే ముందు దిగుతూ, అయిదు పేర్లు దొరకగానే ఆగిపోవచ్చు. మిగతా కొమ్మల వైపు చూడనే అక్కర్లేదు. కొందరు ప్రతి నోడ్ దగ్గరా ఆ అయిదు పేర్లనే నేరుగా రాసిపెడతారు. అది ఇంకా వేగం, కానీ పేరు నంబరుకు 4 బైట్లనుకున్నా నోడ్‌కు 20 బైట్లు అదనం. 8 బైట్ల నోడ్‌కు 20 బైట్ల చీటీ అంటే ముందు చూసిన పొదుపంతా గంగలో కలిసినట్టే. పెద్ద సంఖ్య ఒక్కటే పెడితే 4 బైట్లతో పోతుంది.

పూర్తి పేరు ఉందా లేదా చూడడంలో ట్రై సెట్ కంటే వేగమనే మాట కూడా వినిపిస్తుంది. కాగితం మీద రెండూ పేరు పొడవుకు తగ్గ సమయమే తీసుకుంటాయి. మెషీన్‌లో మాత్రం తేడా ఉంది. సెట్ పేరును ఒక్క ఊపులో చదివి, ఒకటో రెండో చోట్లకు వెళ్తుంది. ట్రై ప్రతి గుర్తుకూ మెమరీలో ఇంకో చోటికి గెంతుతుంది, ఆ చోటు ప్రాసెసర్ పక్కనుండే క్యాష్ మెమరీలో లేకపోతే ఆగాల్సిందే. అందుకని ఫారం పంపే ముందు ‘ఈ ఊరు మన జాబితాలో ఉందా’ అనే చివరి పరీక్షకు సెట్టే ఉంచుకోవడం మంచిది.

గుర్తులా, అక్షరాలా?

నోడ్లు తగ్గించాలని చూసేవాళ్లకు ఒక ఆలోచన తప్పకుండా వస్తుంది. ‘ప’నూ ఎత్వాన్నీ విడదీయడమెందుకు, ‘పె’ మొత్తాన్ని ఒక నోడ్ చేస్తే పోలా? మన ఏడు పేర్లకు అలా చేస్తే 41 నోడ్లు 23కి తగ్గుతాయి. చూడ్డానికి అందంగా కూడా ఉంటుంది. కానీ వెతుకులాట చెడిపోతుంది. ఫోన్ కీబోర్డ్‌లో ‘ప’ కొట్టాకే ఎత్వం కొడతాం. ‘ప’ ఒక్కటే కొట్టినప్పుడు గుర్తుల ట్రై ఏడు పేర్లూ చూపిస్తుంది. అక్షరాల ట్రైలో ‘ప’ అనే నోడే లేదు, ‘పా’, ‘పె’, ‘పెం’, ‘పో’ ఉన్నాయి, కాబట్టి ఒక్క పేరూ రాదు. ‘పె’ కొట్టినా పెంటపాడు రాదు, ఎందుకంటే అది ‘పెం’ అనే వేరే నోడ్. ఒత్తులతోనూ ఇదే గొడవ. కొత్తపేట కోసం ‘కొత’ వరకు కొట్టి ఆగితే గుర్తుల ట్రైలో అది సరైన దారే, తర్వాత పొల్లు వస్తుంది. అక్షరాల ట్రైలో ‘త’ వేరు, ‘త్త’ వేరు. గడిలో పేర్లు కనబడి, మాయమై, మళ్లీ కనబడుతుంటే కారణం చాలావరకు ఇదే.

కంటికి ఒకేలా కనబడే పేర్లు లోపల వేరుగా ఉండడం మరో తలనొప్పి. తణుకు పక్కన పైడిపర్రులోని ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే గుర్తు ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఇంకో చిన్న గుర్తు కలిపి రెండుగా కూడా రాయొచ్చు. మొదటి పద్ధతిలో పేరు పొడవు 9, రెండో పద్ధతిలో 10. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన జాబితాలు కలిపితే ట్రైలో రెండు పైడిపర్రులు పుడతాయి, ఒకదానికి కొట్టిన అక్షరాలు రెండోదాన్ని పట్టుకోవు. మధ్యలో కనిపించకుండా కూర్చునే U+200C గుర్తు కూడా ఇలాగే చేస్తుంది. పైగా అది తెలుగు విభాగంలోది కాదు కాబట్టి 128 గళ్ల అరే దాన్ని చూసి తడబడుతుంది. అనుమానం వస్తే `len(s)` చూడాలి, లేదా `[hex(ord(c)) for c in s]` అని విడగొట్టి చూడాలి. పేరు చేర్చేటప్పుడూ, వెతికేటప్పుడూ `unicodedata.normalize("NFC", s)` చేసి, U+200C తీసేస్తే రెండు సమస్యలూ పోతాయి. ఒకవైపే చేసి రెండోవైపు మరిచిపోతే ఏమీ చేయనట్టే.

ఇంతకీ తన జాబితాకు ట్రై కలిసొస్తుందా లేదా అని ట్రై కట్టకుండానే తెలుసుకోవచ్చు. నోడ్లంటే వేర్వేరు ప్రిఫిక్సులే కదా, వాటిని లెక్కపెడితే చాలు:

```python
letters = sum(len(n) for n in names)
nodes = len({n[:i] for n in names
             for i in range(1, len(n) + 1)})
print(nodes, letters, nodes / letters)
```

మన ఏడు పేర్లకు ఇది 41, 55, 0.745 అని చెబుతుంది. అంత ఎక్కువ నిష్పత్తి దగ్గర మామూలు ట్రై గురించి ఆలోచించడం అనవసరం. జనం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే స్పెల్లింగులు కూడా చేర్చితే చిత్రం మారుతుంది. నరసాపురాన్ని `narsapur`, `narsapuram`, `narasapur`, `narasapuram` అని నాలుగు రకాలుగా రాస్తారు. నాలుగింటిలో 38 అక్షరాలు, వేర్వేరు ప్రిఫిక్సులు 18. నిష్పత్తి 0.47కి దిగిపోయింది. ఊళ్ల మారుపేర్లు, పాత పేర్లు, స్పెల్లింగు తేడాలు కలిసేకొద్దీ అది ఇంకా దిగుతుంది, రాడిక్స్ ట్రీకి పని దొరుకుతుంది. అప్పుడు చివరి నోడ్‌లో స్పెల్లింగు కాకుండా ఊరి నంబరు పెట్టి, చూపించే ముందు ఒకే నంబరున్నవాటిని ఒకటిగా కలపాలి. లేకపోతే `nar` అని కొట్టినవాళ్లకు గడి కింద ఉన్న అయిదు చోట్లలో నాలుగు నరసాపురాలే కనిపిస్తాయి.